ఒక్కో చీర ఒక్కటే: పట్టుచీరల అంగడి వెబ్‌సైటు పని డైరీ

జూన్ 3

అంగడి అనంతపురం పాతూరులో. చీరలన్నీ ధర్మవరం మగ్గాలవి. కొత్త వెబ్‌సైటు కావాలంటూ యజమాని పంపిన మొదటి ఈమెయిల్లో ఉన్నవి మూడే వాక్యాలు. సైటు అందంగా ఉండాలి, ఫోన్లో బాగా కనపడాలి, జనం ఇంటినుంచే చీర కొనుక్కోగలగాలి.

ఇంతమాత్రం చూసి ధర చెప్పకూడదు. ఇది చదివి ఎవరు కట్టినా సెల్ ఫోన్లు, సబ్బులు అమ్మే సైటే తయారవుతుంది. అటువంటి సైటులో ఒక వస్తువు పేరు, పక్కన 50 అన్న సంఖ్య ఉంటాయి. ఒకటి అమ్మితే 49 అవుతుంది. చీరల అంగట్లో 50 ఉండవు. ఒక చీర ఉంటుంది, అది పోతే మళ్లీ అదే రంగు కలయిక వస్తుందో రాదో సాలెవారికే తెలియాలి.

అందుకే జవాబులో రంగుల గురించి, ముఖపేజీ గురించి ఏమీ అడగలేదు. ఒక్కటే అడిగాం: "అన్నా, ఈ వారం మీ అంగట్లో అమ్ముడుపోయిన ఒక చీర సంగతి మొదటినుంచి చివరిదాకా రాయండి. ఎవరు తెచ్చారు, చీటీ మీద ఏం రాశారు, ఎవరెవరు విప్పి చూశారు, ఏమేం అడిగారు, డబ్బు ఎట్లా కట్టారు, సంచిలో ఏం పెట్టి ఇచ్చారు." కావలసినవి జాబితా రాయమంటే ఎవరైనా వేరే సైట్లు చూసి రాస్తారు. జరిగింది రాయమంటే అంగడి నడిచే తీరు బయటపడుతుంది.

జూన్ 6

రెండో ఈమెయిల్ వచ్చింది. పని మొత్తం దీనిమీదే ఆధారపడింది కాబట్టి ముఖ్యమైన భాగాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాం.

> తమ్ముడూ, నువ్వడిగినట్టు ఒక చీర సంగతి రాస్తున్నా.
>
> నెమలికంఠం రంగు చీర, వంగపండు రంగు అంచు. సోమవారం ధర్మవరంనుంచి వచ్చింది. చీటీ మీద మా నంబరు 417, ధర 12,600, జరీ ఏ రకమో, అంతే రాస్తాం. మంగళవారం ఫోటో తీసి వాట్సాప్‌లో నలభై మందికి పంపినాం. బెంగళూరునుంచి ఒకామె "ఇది నాకే, సాయంత్రం డబ్బు వేస్తా" అనింది. సాయంత్రం అంగట్లో ఇంకొకామె అదే చీర చేతిలో పట్టుకోని నగదు ఇచ్చేసింది. గల్లాలో ఉన్న పిల్లోడికి వాట్సాప్ సంగతి తెలీదు. రాత్రి బెంగళూరామె డబ్బు వేసింది. తిరిగి పంపినాము, కానీ ఆమె మళ్లీ మాకు ఫోన్ చేయలేదు.
>
> కాబట్టి సైటు మొట్టమొదట చేయాల్సింది ఇదీ: చీర ఒకరికి ఒప్పుకున్నాక ఇంకొకరికి కనపడకూడదు, అంగట్లో గానీ ఫోన్లో గానీ.
>
> రెండోది రంగు. మా చీరలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. ఎదురుగా చూస్తే నీలం, మడత తిప్పితే ఆకుపచ్చ. ఫోటోలో ఏదో ఒకటే పడుతుంది. ఇంటికి పోయినాక "నేను చూసింది ఇది కాదు" అంటారు. వాళ్ల తప్పేమీ లేదు.
>
> మూడోది, కొనేవాళ్లు ఎక్కువమంది నలభై యాభై దాటిన ఆడవాళ్లు. తెలుగులో చదువుతారు. ధర దాచిపెట్టి "అడగండి" అని పెట్టొద్దు. తిరిగే బొమ్మలు వద్దు. తెరవగానే ఈ వారం వచ్చిన చీరలు కనపడాల.
>
> అంగట్లో ఎనిమిది వందల చీరలు ఉంటాయి. అన్నీ పెట్టొద్దు, నూట ఇరవై చాలు. శ్రావణం లోపల కావాల.

కట్టాల్సింది ఏమిటో, కట్టకూడనిది ఏమిటో ఈ ఉత్తరంలోనే ఉంది. 417 నంబరు చీర అమ్ముడుపోయినా, దాని వివరాలనే అన్ని పరీక్షలకూ వాడాలని నిర్ణయం.

జూన్ 9

ముందు చీర స్థితులు తేలాలి. యజమానితో ఫోన్లో గంటసేపు మాట్లాడాక ఐదు కుదిరాయి: ఉంది, ఆన్‌లైన్లో పట్టి ఉంచాం, డబ్బు సంగతి తేలాలి, అంగట్లో పక్కన పెట్టాం, అమ్ముడుపోయింది. సంఖ్య అన్న మాటే డేటాబేస్‌లో లేదు. ఒక వరుస అంటే ఒక చీర.

ఎంతసేపు పట్టి ఉంచాలన్న దగ్గర మాటా మాటా నడిచింది. ఆయన గంట అన్నారు. ఇంట్లో అడిగి చెప్పేవాళ్లకు గంటైనా పడుతుందని ఆయన లెక్క. కానీ గంట ఇస్తే ఊరికే నొక్కి వదిలేసినవాళ్ల వల్ల సాయంత్రంపూట సగం చీరలు దొరకనట్టు కనిపిస్తాయి. చివరికి 15 నిమిషాలు. ఇంట్లో అడగాలనుకునేవాళ్లకు వేరే దారి పెట్టాం: వాట్సాప్ బటన్ నొక్కితే చీర నంబరుతో సహా అంగడికి సందేశం వెళ్తుంది, అంగట్లోవాళ్లు కావాలనుకుంటే తామే "పక్కన పెట్టాం" అని మారుస్తారు. ఆ నిర్ణయం మనిషిదే కావడం మంచిది. ఎవరు నిజంగా కొంటారో ఫోన్లో మాట వినగానే వాళ్లకు తెలిసిపోతుంది.

బటన్ లింకు సాదాగా ఇంతే:

```
https://wa.me/91XXXXXXXXXX?text=DH-0417
```

జూన్ 12

చీర పట్టుకునే భాగం రాశాం. మొదటి రూపం తప్పు. ముందు చీర ఉందా అని చదివి, ఉంటే తరువాతి వాక్యంలో స్థితి మార్చే పద్ధతి అది. చేత్తో రెండు ఫోన్లలో ఒకేసారి నొక్కి చూస్తే బాగానే పనిచేసినట్టు కనిపించింది. చేతివేగం ఈ తప్పును పట్టుకోలేదు. ఇరవై అభ్యర్థనలు ఒక్కసారిగా పంపితే బయటపడింది:

```sh
seq 20 | xargs -P20 -I{} curl -s -w '\n' \
  -X POST https://test.example/hold/417 | sort | uniq -c
```

రావలసింది ఒక `ok`, పందొమ్మిది `taken`. వచ్చినవి మూడు `ok`. చదవడానికీ మార్చడానికీ మధ్య ఉన్న రెప్పపాటులో ముగ్గురికీ చీర ఉన్నట్టే కనపడింది. వాట్సాప్ గుంపులో ఫోటో పడగానే నలభై మంది ఒకేసారి తెరిచే అంగడిలో ఈ రెప్పపాటు రోజూ వస్తుంది.

చదవడం, మార్చడం ఒకే వాక్యంలోకి తెచ్చాం:

```sql
UPDATE cheera
SET status='held', held_by=?,
    held_until = NOW() + INTERVAL 15 MINUTE
WHERE id=417
  AND (status='available'
    OR (status='held' AND held_until < NOW()));
```

ఎన్ని వరుసలు మారాయని డేటాబేస్ చెబుతుంది. 1 అంటే చీర మీది, 0 అంటే వేరొకరిది. మళ్లీ ఇరవై పంపితే ఒకటే `ok`. ఐదుసార్లు తిప్పి తిప్పి పంపినా అంతే.

ఇందులో టైము అంతా డేటాబేస్‌దే వాడడం కావాలని చేసినది. గడువు సర్వర్ ప్రోగ్రాం లెక్కవేసి, పోలిక డేటాబేస్ చేస్తే, ఒకటి మన టైములో, ఇంకొకటి అంతర్జాతీయ టైములో ఉండి ఐదున్నర గంటల తేడా వస్తుంది. అప్పుడు 15 నిమిషాల గడువు పుట్టగానే చస్తుంది, లేదా సాయంత్రందాకా తెమలదు. ఫోన్ తెరమీద లెక్క తగ్గడానికి కూడా గడియారపు టైము పంపకుండా, ఇంకా ఎన్ని సెకన్లు మిగిలాయో మాత్రమే పంపుతున్నాం. కొందరి ఫోన్లలో గడియారం తప్పు తిరుగుతుంటుంది.

చిన్న సవరణ: అదే మనిషి పేజీని మళ్లీ తెరిస్తే "వేరొకరు తీసుకున్నారు" అని వస్తోంది, పట్టుకున్నది ఆమే అయినా. `held_by` చూసి ఆమెకు ఆమె పాత గడువే చూపించాలి. కొత్తగా పదిహేను నిమిషాలు ఇవ్వకూడదు, ఇస్తే తెరుస్తూ మూస్తూ రోజంతా పట్టుకోవచ్చు.

జూన్ 16

డబ్బు. ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది ఇక్కడే.

కొనేవాళ్లు ఎక్కువగా యూపీఐతోనే కడతారు. యూపీఐలో "అయింది", "కాలేదు" అనే రెండే కాదు, "ఇంకా తేలలేదు" అన్న మూడో జవాబు కూడా ఉంది. ఖాతాలో డబ్బు తగ్గుతుంది, మన దగ్గరికి కబురు రాదు. కాసేపటికి అది అవుతుంది, లేదా వెనక్కి పోతుంది. 417తో కాగితం మీద వేసి చూసిన లెక్క ఇది. మొదటామె 6:40కి చీర పట్టుకుంది, గడువు 6:55. ఆమె 6:53కి పిన్ నొక్కింది, కబురు రాలేదు. 6:55కి చీర విడుదలైంది. 6:56కి రెండోఆమె పట్టుకుని 6:57కి కట్టేసింది. 6:58కి మొదటామె డబ్బు అయినట్టు కబురు వచ్చింది. యజమాని ఉత్తరంలో రాసిన బెంగళూరు సంగతే మళ్లీ జరిగినట్టు, ఈసారి మన సైటు చేతులమీదుగా.

అందుకే "డబ్బు సంగతి తేలాలి" అన్న స్థితి. కట్టే బటన్ నొక్కగానే చీర ఆ స్థితికి మారుతుంది, 15 నిమిషాల గడువు దానికి వర్తించదు. పేమెంట్ గేట్‌వే కాలేదని గట్టిగా చెప్పేదాకా విడుదల కాదు. కబురు కోసం ఊరికే కూర్చోకుండా, ప్రతి రెండు నిమిషాలకూ సర్వరే గేట్‌వేను అడుగుతుంది. అరగంట దాటినా తేలకపోతే యజమాని ఫోన్‌కు సందేశం వెళ్తుంది, అప్పుడు ఆయనే చూసి చెబుతారు. విడుదల చేసిన తరువాత కూడా డబ్బు వస్తే మొత్తం తిరిగి పంపాలి, అదే గంటలో ఫోన్ చేసి చెప్పాలి. ఈ చివరి మాట ఆయనే చేర్చారు. సందేశం చాలదు, మనిషి మాట్లాడాలి అన్నారు. అది సరైన మాట.

గేట్‌వే ఒకే కబురు రెండుసార్లు పంపవచ్చు, ముందుది వెనుక రావచ్చు. ప్రతి కబురుకూ ఉండే గుర్తింపు సంఖ్యను దాచిపెట్టి, అదే మళ్లీ వస్తే పక్కన పడేస్తున్నాం. లేకపోతే ఒకే చీరకు రెండు బిల్లులు, రెండు పార్సెల్ చీటీలు వస్తాయి.

బిల్లు గురించి క్లుప్తంగా. తెరమీది ధర పన్నుతో కలిపినదే. 12,600లో 12,000 చీర ధర, 600 జీఎస్టీ, అంటే 5 శాతం. రాష్ట్రంలోకి పంపితే బిల్లులో 300, 300గా విడదీయాలి, బెంగళూరుకో హైదరాబాదుకో పోతే 600 ఒకే ఐజీఎస్టీగా పడాలి. ఇది చిరునామాలోని రాష్ట్రాన్ని బట్టి తనంతట మారుతుంది.

జూన్ 20

రంగుల రోజు. అంగట్లో ఒక మూల రెండు 6500 కెల్విన్ ఎల్‌ఈడీ ట్యూబులు బిగించాం, పెట్టెమీద రంగుల నాణ్యత 90కి పైన ఉన్నవి చూసి. కిటికీ వెలుతురు, ట్యూబు వెలుతురు కలవకుండా తెర వేశారు. రెండూ కలిస్తే చీరలో ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం పడుతుంది, తరువాత దిద్దడం కుదరదు.

ఫోన్ తనంతట తాను తెలుపును సరిచేసుకోవడమే అసలు తంటా. చీర మొత్తం ఎరుపైతే ఫోన్ "వెలుతురే ఎర్రగా ఉంది" అనుకుని ఎరుపు తగ్గిస్తుంది. మెరూన్ గోధుమరంగుకు దిగుతుంది. కాబట్టి మాన్యువల్‌లో పెట్టి, బూడిదరంగు కార్డు చూపించి తెలుపును ఒకసారి బిగించేసి, అదే అమరికతో అన్ని చీరలూ తీయాలి.

ప్రతి చీరకూ ఐదు ఫోటోలు, ఒక చిన్న వీడియో అని కుదిరింది. పూర్తి చీర ఎదురుగా, మడతలు వేసి పక్కనుంచి, కొంగు, అంచు దగ్గరగా (కొలత తెలిసేలా పక్కన స్కేలుతో), రవికగుడ్డ. వీడియో ఎనిమిది సెకన్లు: చేత్తో మడతను మెల్లగా అటూ ఇటూ తిప్పడమే. నీలం ఆకుపచ్చలోకి జారడం అందులోనే కనిపిస్తుంది. ఇటువంటి నెమలికంఠం చీర ఒకదానికి ఎదురుగా తీసిన ఫోటో ఒక్కటే చూపించినప్పుడు ముగ్గురు నీలం అన్నారు. వీడియో చూశాక ముగ్గురూ నెమలికంఠం అన్నారు.

సైటులో పెట్టాక రంగులు పాలిపోయాయి. ఫోటో తీసిన ఫోన్‌లో ఒకలా, సైటులో ఒకలా. ఆ ఫోన్ విశాలమైన రంగుల పరిధిలో ఫోటో తీసి, ఏ పరిధో ఫైలులోనే రాసిపెడుతుంది. ఫోటో చిన్నది చేసేటప్పుడు మన స్క్రిప్ట్ ఆ రాతను చెరిపేసింది, రంగులను మార్చకుండానే. రాత లేని ఫోటోను బ్రౌజర్ మామూలు పరిధిలోదిగా చదువుతుంది, ఎరుపులు, ఆకుపచ్చలు చప్పబడతాయి. ముందు రంగులు మార్చి, ఆ తరువాత చెరపాలి. ఈ వరుస తప్పకూడదు:

```sh
magick in.jpg -auto-orient -profile sRGB.icc \
  -strip -resize 1200x -quality 80 out.webp
```

ఇప్పుడు నాలుగు ఎంబీల ఫోటో రెండు వందల కేబీ దగ్గరికి వస్తోంది, రంగు నిలుస్తోంది. జరీ దట్టంగా ఉన్న కొంగు ఫోటోలు మాత్రం కొంచెం పెద్దవే. వాటి నాణ్యత ఇంకా తగ్గిస్తే జరీ గీతలు కలిసిపోయి అట్టముక్కలా కనపడుతుంది, అందుకే వదిలేశాం.

జూన్ 23

వెతుకులాటకు మాటలు యజమాని దగ్గరినుంచే తీసుకున్నాం. చిలకపచ్చ, వంగపండు, మామిడిపండు, మెంతి, కనకాంబరం, తేనె, నెమలికంఠం. ఒక్కో చీరకు పడుగు రంగు, పేక రంగు, అంచు రంగు విడివిడిగా నమోదవుతాయి. నీలం అని వెతికినా ఆకుపచ్చ అని వెతికినా 417 రావాలి, వస్తోంది.

జరీ రకం తప్పనిసరి గడి. అసలు జరీ, టెస్టెడ్ జరీ అని రెండే ఎంపికలు, ఏదీ ముందే టిక్ అయి ఉండదు, ఖాళీగా వదిలితే చీర సైటులోకి ఎక్కదు. సిల్క్ మార్క్ చీటీ ఉన్న చీరకు ఆ చీటీ ఫోటో కూడా ఉండాలి. ఈ నియమాన్ని యజమానే గట్టిగా అడిగారు.

తెలుగు అక్షరాలతో ఒక చిక్కు. డిజైన్‌లో వరుసల మధ్య ఎడం 1.2గా పెట్టారు. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగులో కింది ఒత్తులు తెగిపోయాయి: "పట్టు" కాస్తా "పటు" లాగా కనిపించింది. పట్టుచీరల అంగడికి ఇంతకన్నా పెద్ద తప్పు లేదు. 1.7కు పెంచాం, బటన్లకు కట్టిన ఎత్తు తీసేశాం. 360 పిక్సెళ్ల వెడల్పున్న పాత ఫోన్లో ప్రతి పేజీ చూశాం.

అమ్ముడుపోయిన చీర పేజీని తీసేయకూడదు. వాట్సాప్‌లో తిరిగే లింకు వారం తరువాత తెరిచినా, "ఇది అమ్ముడుపోయింది" అని చెప్పి అదే రంగు కుటుంబంలో ఉన్న నాలుగు చీరలు చూపించాలి.

పేజీ అడుగున అంగడి చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే మనిషి పేరు, ఫోను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఇవి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి. తిరిగి తీసుకునే షరతు యజమాని మాటల్లోనే పెట్టాం: "ఏడు రోజుల్లోపల పంపండి. ఫాల్ కుట్టించి ఉంటే తీసుకోలేము."

జూలై 1

ఇక గల్లా. సైటు ఎంత బాగా కట్టినా, అంగట్లో పిల్లవాడు స్కాన్ చేయకపోతే అంతా వృథా. అందుకే ఈ భాగంలో నొక్కాల్సినవి తగ్గించడమే పని.

నూట ఇరవై చీరలకూ క్యూఆర్ చీటీలు ముద్రించాం. మామూలు కాగితం చీటీ మడతల్లో నలిగి గీత పడితే స్కాన్ కాదు, అందుకే గట్టి అట్ట, దారంతో కట్టాలి, పట్టుకు పిన్ను గుచ్చకూడదు. ఆ చీరలన్నీ ఒకే బీరువాలోకి మారాయి. బీరువాలోంచి తీసిన చీర అంటేనే స్కాన్ చేయాలని గుర్తు. చీటీ చూడకముందే చేతికి తెలిసిపోతుంది.

విప్పి చూపినప్పుడల్లా స్కాన్ చేయాలా? వద్దని తేలింది. ఒక్కామెకు ఇరవై చీరలు విప్పుతారు. "ఇది పక్కన పెట్టండి" అన్నప్పుడు ఒకసారి, బిల్లు వేసేటప్పుడు ఒకసారి, అంతే. స్కాన్ చేస్తే ఫోన్ తెర నిండా పచ్చరంగు, లేదా ఎరుపు. ఎరుపైతే ఒకే వాక్యం: "ఆన్‌లైన్లో ఒకరు పట్టి ఉంచారు, 9 నిమిషాలు ఆగండి."

చీర చేతిలో ఉన్న మనిషికీ, ఆన్‌లైన్లో కట్టేసిన మనిషికీ మధ్య ఎవరిది? దీనికి జవాబు ప్రోగ్రాంలో లేదు, యజమాని చెప్పాల్సిందే. ఈమెయిల్లో అడిగితే ఒక్క వరుస జవాబు: "డబ్బు ముందు ఎవరిది వచ్చిందో వాళ్లదే, అంగట్లో ఉన్నామె మా బంధువైనా సరే." అట్లాగే కట్టాం.

నెట్ పోతే? స్కాన్ ఫోన్‌లోనే నిలిచి, నెట్ వచ్చాక వెళ్తుంది అనేది వినడానికి బాగుంటుంది, కానీ ఆ మధ్యలో చీర ఆన్‌లైన్లో ఇంకొకరికి పోతుంది. కాబట్టి గల్లా ఫోన్ నుంచి రెండు నిమిషాలపాటు కబురు రాకపోతే సైటులో కొనే బటనే ఆగిపోతుంది, వాట్సాప్ బటన్ మాత్రం ఉంటుంది. కొన్ని అమ్మకాలు ఆలస్యమవుతాయి. యజమాని ఒప్పుకున్నారు. రాత్రి అంగడి మూసేటప్పుడు "మూశాం" నొక్కాలి, అప్పుడు ఆ కాపలా తీరి సైటు మామూలుగా అమ్ముతుంది.

జూలై 5

శుక్రవారం సాయంత్రం ఆరునుంచి ఎనిమిదిదాకా అంగట్లో ప్రయోగం. నలుగురు గుమాస్తాలు, ముప్పై చీరలు, బయటినుంచి కొనేవాళ్లుగా ఆరు ఫోన్లు. ఒకే చీర ఇద్దరికి ఒక్కసారి కూడా పోలేదు. రెండుచోట్ల మాత్రం ఇబ్బంది వచ్చింది.

మొదటిది, "మూశాం" నొక్కడం మరిచి ఫోన్ జేబులో వేసుకుని వెళ్లిపోవడం. రెండు నిమిషాలకే సైటులో కొనడం ఆగింది, పొద్దున తొమ్మిదిదాకా అట్లాగే ఉండేది. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకు నొక్కలేదని యజమాని ఫోన్‌కు గుర్తుచేస్తుంది. తనంతట "మూశాం" అని మార్చే ఏర్పాటు పెట్టలేదు, పండగ రోజుల్లో అంగడి పదకొండుదాకా నడుస్తుంది.

రెండోది, పక్కన పెట్టించుకున్నామె కొనకుండా వెళ్లిపోతే చీర "పక్కన పెట్టాం" లోనే ఉండిపోతోంది. ఏడు చీరలు అట్లా మిగిలాయి. దీనికి గడువు పెట్టాలా, పెడితే ఎంత అని యజమానికి ఈమెయిల్ వెళ్లింది. ఆయన జవాబు: "అంగట్లో పక్కన పెట్టింది ఆ రాత్రి మూసేదాకా ఉండాల. ఫోన్లో అడిగి పెట్టించుకున్నది మాత్రం మరుసటి రోజు మధ్యాహ్నందాకా." అంటే పక్కన పెట్టేటప్పుడు అంగడా, ఫోనా అని ఒక ప్రశ్న అడగాలి. రెండు పెద్ద బటన్లు చేరాయి.

ముప్పై చీరల్లో ఒకటి ప్రయోగం నడుమ నిజంగానే అమ్ముడుపోయింది, అంగట్లోనే, నగదుకు. గల్లాలో స్కాన్ చేసిన తరువాత, ఆరు ఫోన్లలోనూ పేజీని మళ్లీ తెరిచి చూశాం. ఐదింటిలో వెంటనే "అమ్ముడుపోయింది" అని వచ్చింది. ఆరోదానిలో పాత పేజీ దాచుకుని ఉంది, కానీ కొనే బటన్ నొక్కితే చీర చేతికి రాలేదు. చీర పేజీలను ఫోన్ దాచుకోకుండా `Cache-Control: no-store` పెట్టడం రేపటి పని.